ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కారు వెనక్కి జారుతోంది: ఆటోమేటిక్ కొనాలా, మాన్యువల్‌తోనే అలవాటు పడాలా? (బెంగళూరు)

శిరీష_మహదేవపుర

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు. మహదేవపురలో ఉంటాం, నా ఆఫీసు బెళ్లందూరులో. లైసెన్స్ వచ్చి మూడు నెలలైంది. మావారి పాత మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్‌లోనే నడుపుతున్నాను. ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద బాగానే నడుపుతాను. అవుటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్‌లోకి వస్తే మాత్రం చేతులు వణుకుతాయి.

గత మంగళవారం దొడ్డనెక్కుంది ఫ్లైఓవర్ ఎక్కే చోట క్యూ ఆగింది. ముందు బండి కదిలింది, నేను బ్రేక్ వదిలి యాక్సిలరేటర్ మీదికి కాలు తెచ్చేలోపు ఇంజన్ ఆగిపోయింది. రెండోసారి స్టార్ట్ చేశాను, ఈసారి కారు వెనక్కి జారింది. వెనకాల బైక్ అతను డిక్కీ మీద చేత్తో కొట్టి అరిచాడు. తగల్లేదు, కానీ జానెడు దూరమే ఉంది. ఆ రోజు నుంచి కారు తీయలేదు.

మర్నాడు మావారు నడుపుతుంటే పక్కన కూర్చుని క్లచ్ ఎన్నిసార్లు నొక్కుతున్నారో లెక్కపెట్టాను. ఆఫీసు నుంచి ఇంటికి గంటా ఐదు నిమిషాల్లో 168 సార్లు. దూరం పది కిలోమీటర్ల లోపే.

ఆటోమేటిక్ కొనుక్కుంటానంటే మా బావగారు "మాన్యువల్ రాకపోతే డ్రైవింగ్ రానట్టే, ఇంకో ఆరు నెలలు నడుపు" అంటున్నారు. మా బడ్జెట్ ఆన్‌రోడ్ 9 లక్షలు. ఆటోమేటిక్ అయితే అప్ మీద వెనక్కి జారదా? షోరూమ్‌లో అడిగితే "మేడమ్, అన్నీ ఒకటే, హాయిగా ఉంటుంది" అన్నారు. అది నమ్మాలనిపించడం లేదు.

గేర్‌మాస్టర్

అక్కా, మీ బావగారు చెప్పింది నిజమే. మాన్యువల్ వదలకండి. అప్ మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, క్లచ్ నెమ్మదిగా వదులుతూ ఉంటే ఒక చోట బండి ముక్కు కొంచెం లేస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ ఇచ్చి హ్యాండ్‌బ్రేక్ దించాలి. ఒక్క అంగుళం కూడా జారదు. నెల రోజులు చేస్తే వచ్చేస్తుంది.

ఒకవేళ ఆటోమేటిక్కే కావాలంటే ఏఎంటీ వద్దు, ప్రతి గేర్‌కీ తల ఊగుతుంది. డీసీటీ తీసుకోండి. గేర్ మారినట్టే తెలియదు, ట్రాఫిక్‌కి అదే బెస్ట్.

అనంతపురం_అబ్బాయి

నాదీ ఇదే డౌట్. నేను టెస్ట్ మాన్యువల్ కారులో ఇచ్చాను. ఆటోమేటిక్ నడపాలంటే ఆర్టీవో దగ్గర మళ్లీ టెస్ట్ ఇవ్వాలా? ఎంతవుతుంది?

చిత్తూరు_మెకానిక్

తమ్ముడూ, ఆవిడ అడిగింది అది కాదు. అయినా చెబుతాను. కారుకు ఎల్ఎంవీ లైసెన్స్ ఒక్కటే, దానితో రెండూ నడపొచ్చు. గేరు ఉన్నది, లేనిది అని వేరుగా ఉండేది టూ వీలర్లకు.

శిరీష గారూ, నాకు కె.ఆర్.పురంలో చిన్న గ్యారేజీ ఉంది, పదిహేనేళ్లుగా ఇదే పని. షోరూమ్‌లో "అన్నీ ఒకటే" అన్నది తప్పు. మీకు తెలియాల్సిందంతా ఆ తేడాలోనే ఉంది.

మీ బడ్జెట్‌లో కొత్తగా దొరికేది ఎక్కువగా ఏఎంటీ. 2014లో సెలేరియోతో మన దగ్గర మొదలైంది. చాలామందికి తెలియనిదేమిటంటే, ఏఎంటీ లోపల ఉన్నది మీ మాన్యువల్ కారులో ఉన్న గేర్‌బాక్సే, క్లచ్ ప్లేటు కూడా అలాంటిదే. మీ ఎడమ కాలు చేసే పనిని ఒక యాక్చుయేటర్ చేస్తుంది, అంతే. కాబట్టి మీకు క్లచ్ పెడల్ ఉండదు, ఇంజన్ ఆగిపోదు. కానీ క్లచ్ ప్లేటు అరుగుతుంది, వేడెక్కుతుంది, అప్ మీద పట్టు దొరికేలోపు బండి కాస్త జారగలదు కూడా.

టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్, ఇప్పుడొచ్చే చాలా సీవీటీలు వేరు. వాటిలో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్ ఉంటుంది. మెల్లగా కదిలే ట్రాఫిక్‌లో అరగడానికి అక్కడ ప్లేటు ఉండదు. బ్రేక్ వదిలితే బండి తనంతట తానే ముందుకు లాగుతుంది, మామూలు ఫ్లైఓవర్ అప్ మీద నిలబడుతుంది కూడా. ధర మాత్రం మీ బడ్జెట్ దాటుతుంది.

గేర్‌మాస్టర్ తమ్ముడు చెప్పిన హ్యాండ్‌బ్రేక్ పద్ధతి నూటికి నూరుపాళ్లు సరైనది. డీసీటీ గురించి చెప్పింది మాత్రం తిరగబడింది. హైవే మీద దానికి సాటి లేదు. కానీ చిన్న కార్లలో వచ్చే డీసీటీల్లో చాలావాటికి డ్రై క్లచ్‌లు, అంటే చల్లబరిచే ఆయిల్ లేనివి, అదీ రెండు. రింగ్ రోడ్డులో గంటసేపు అడుగు కదలడం, ఆగడం అంటే ఆ క్లచ్‌లు అంతసేపూ రాపిడిలోనే ఉంటాయి. గేర్‌బాక్స్ వేడెక్కిందని స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చి, పక్కకు ఆపుకుని నా దగ్గరికి ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. భయపడేవాళ్లకు ఫ్లైఓవర్ మధ్యలో ఆ హెచ్చరిక కనిపించడం కంటే పెద్ద కష్టం ఉండదు.

గేర్‌మాస్టర్

నేను నడిపింది మా ఫ్రెండ్ డీసీటీ, అదీ తిరుపతి రోడ్డు మీద. సిటీలో గంటసేపు నడపలేదు, ఒప్పుకుంటాను. కానీ ఏఎంటీలో తల ఊగడం నిజం.

చిత్తూరు_మెకానిక్

నిజమే. ఫస్ట్ నుంచి సెకండ్‌కి, సెకండ్ నుంచి థర్డ్‌కి మారేటప్పుడు తెలుస్తుంది, ముఖ్యంగా యాక్సిలరేటర్ బలంగా తొక్కితే. గేరు మారబోయే క్షణంలో కాలు కొంచెం తేలిక చేస్తే చాలావరకు పోతుంది. పది రోజుల్లో కాలికి అలవాటవుతుంది.

శిరీష_మహదేవపుర

అన్నా, చాలా థాంక్స్. ఇంత విడమర్చి ఎవరూ చెప్పలేదు. అయితే ఏఎంటీ కొంటే దొడ్డనెక్కుంది ఫ్లైఓవర్ దగ్గర నేను సరిగ్గా ఏం చేయాలి? బ్రేక్ వదిలితే జారుతుందేమోనని మళ్లీ అదే భయం కదా.

చిత్తూరు_మెకానిక్

అందుకే కొనేటప్పుడు హిల్ హోల్డ్ ఉన్న వేరియంట్ తీసుకోండి. అప్ మీద మీరు బ్రేక్ నొక్కి పూర్తిగా ఆగితే, కాలు తీశాక కూడా రెండు సెకన్ల పాటు బ్రేక్‌ను అది పట్టి ఉంచుతుంది. ఆలోపు యాక్సిలరేటర్ మీదికి కాలు వెళ్లిపోవాలి. రెండు సెకన్లు దాటితే వదిలేస్తుంది, ఇంకా పట్టుకునే ఉందనుకుని అద్దం చూస్తూ కూర్చోకూడదు. ఇంకోటి, బండి పూర్తిగా ఆగకుండా పాకుతూ ఉంటే అది పనిచేయదు.

ఇక చేయకూడనిది. గత సంవత్సరం ఒక ఏఎంటీ నా దగ్గరికి వచ్చింది, 28,000 కిలోమీటర్లు తిరిగింది. కదిలేటప్పుడు వణుకుతోంది, ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. గేర్‌బాక్స్ దించి చూస్తే క్లచ్ ప్లేటు అద్దంలా నున్నగా అయిపోయింది, ఫ్లైవీల్ మీద నీలం రంగు మచ్చలు. అవి బాగా వేడెక్కిన గుర్తులు. ఓనర్‌ను అడిగితే "రోజూ ఫ్లైఓవర్ అప్ మీద క్యూలో బ్రేక్ నొక్కను సార్, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి అక్కడే నిలబెడతాను" అన్నాడు. అదే కారణం. అలా నిలబెట్టినంతసేపూ క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఉంటుంది. మీ 168 సార్ల కంటే ఆ రెండు నిమిషాలే ఎక్కువ నష్టం చేస్తాయి.

కాబట్టి అప్ మీద ఆగితే బ్రేక్. ముందు బండి అడుగు కదిలిందని మీరూ అడుగు కదలొద్దు. ఒక కారంత ఖాళీ వచ్చాక ఒకేసారి వెళ్లి మళ్లీ పూర్తిగా ఆగండి. వెనకాల హారన్ కొడతారు, కొట్టనివ్వండి. కాగితం, రబ్బరు కలిసి కాలిన లాంటి వాసన వస్తే క్లచ్ వేడెక్కిందని అర్థం. పక్కకు ఆపి పది నిమిషాలు చల్లారనివ్వాలి.

ఇదే జాగ్రత్త మాన్యువల్‌కీ వర్తిస్తుంది. భయపడేవాళ్లు ఎడమ కాలిని క్లచ్ పెడల్ మీదే ఆనించి ఉంచుతారు. 22,000కే ప్లేటు పోయిన మాన్యువల్ కూడా చూశాను నేను. చిన్న కారుకు క్లచ్ సెట్, కూలీ కలిపి నా దగ్గర పది వేల చుట్టూ అవుతుంది. ఏఎంటీకి అదనంగా స్కానర్ పెట్టి కొత్త క్లచ్‌ను గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు నేర్పించాలి, అది చేయని చోట వేయించుకోవద్దు.

సుధాకర్_వైట్‌ఫీల్డ్

ఒక్క మాట. మేడమ్ బాధ వెనక్కి జారడం ఒక్కటే అయితే, హిల్ హోల్డ్ ఉన్న మాన్యువల్ కార్లు కూడా ఇప్పుడు ఉన్నాయి. ఏఎంటీకి మాన్యువల్ కంటే దాదాపు 50 వేలు ఎక్కువ పెట్టాలి. జారడానికి, క్లచ్ నొక్కి నొక్కి అలసిపోవడానికి మందు ఒకటే కాదు. ఆ రెండింటిలో మిమ్మల్ని కారు తీయకుండా ఆపుతున్నది ఏదో ముందు తేల్చుకోండి.

ఇంకోటి, నేను రెండేళ్లుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాను. గేరు లేదు, క్లచ్ లేదు, జారదు. వర్తూరు రోడ్డు ట్రాఫిక్‌లో దానికి మించింది లేదు.

శిరీష_మహదేవపుర

సుధాకర్ గారూ, మా అపార్ట్‌మెంట్‌లో చార్జింగ్ పాయింట్ కోసం అసోసియేషన్‌ను ఏడాదిగా అడుగుతున్నాం, ఇంకా ఒప్పుకోలేదు. అందుకే ఎలక్ట్రిక్ వదిలేశాం.

మీరు అడిగింది ఆలోచించాను. ఆ రోజు భయం జారినందుకే. కానీ అంతకు ముందు కూడా, కాలు క్లచ్ మీద ఉన్నంతసేపూ నా చూపు అద్దాల మీదికి వెళ్లడం లేదు. ఎడమ పక్క నుంచి స్కూటర్ వస్తోందని మావారు చెబితే గానీ తెలియదు. అసలు సమస్య అదే అనుకుంటున్నాను.

పద్మజ_నేర్పరి

శిరీషా, నేను హెచ్ఎస్ఆర్ లేఅవుట్ వైపు ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పుతాను. నువ్వు చివర చెప్పిన వాక్యం చదివాక నేనైతే ఆటోమేటిక్ అనే చెబుతాను. కొత్తవాళ్ల బుర్రలో ఒకేసారి పట్టే పనులు కొన్నే. క్లచ్ తీసేస్తే ఆ చోటు అద్దాలకు దొరుకుతుంది.

కానీ ఆటోమేటిక్‌లో ఒక ప్రమాదం ఉంది, ఎవరూ చెప్పడం లేదు. మాన్యువల్‌లో భయపడితే రెండు కాళ్లూ బిగుసుకుంటాయి. క్లచ్, బ్రేక్ రెండూ నొక్కేస్తావు, బండి ఆగుతుంది. క్లచ్ మర్చిపోయి బ్రేక్ ఒక్కటే నొక్కినా ఇంజనే ఆగిపోతుంది. ఆటోమేటిక్‌లో ఇంజన్ ఆగిపోవడం అనేదే లేదు. భయంలో బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ నొక్కితే బండి దూకుతుంది, అది బ్రేకే అన్న నమ్మకంతో ఇంకా గట్టిగా నొక్కుతావు. ఇలాంటివి నేను చూసినంతవరకు రింగ్ రోడ్డు మీద కాదు, బేస్‌మెంట్ పార్కింగ్‌లో జరుగుతాయి.

ఎడమ కాలును వెనక్కి లాగి, పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద పెట్టి మర్చిపోవాలి. దానితో ఎప్పుడూ బ్రేక్ నొక్కకూడదు. క్లచ్ అలవాటుతో అది బ్రేక్‌ను నేల దాకా తొక్కేస్తుంది, వెనకాలవాడు వచ్చి గుద్దుతాడు. కుడి కాలి మడమ బ్రేక్‌కు ఎదురుగా నేల మీద ఆనాలి. యాక్సిలరేటర్ కావాలంటే మడమ కదపకుండా పాదం తిప్పాలి.

బండి వచ్చాక మొదటి వారం ఖాళీ మైదానంలో రోజూ ఇరవై నిమిషాలు యాక్సిలరేటర్ ముట్టుకోకుండా నడుపు. బ్రేక్ కొంచెం వదిలితే బండి పాకుతుంది, నొక్కితే ఆగుతుంది. ముందుకు, రివర్స్‌లో నడిపి, నేల మీద పెట్టిన రెండు చెప్పుల మధ్యలో ఆపడం నేర్చుకో. డి నుంచి ఆర్‌కి మార్చేముందు పూర్తిగా ఆగాలి. పార్కింగ్ అంతా అలాగే చేయగలవు, బేస్‌మెంట్‌లో యాక్సిలరేటర్ అవసరం ర్యాంప్ ఎక్కేటప్పుడే.

రాజ్యలక్ష్మి_58

పద్మజ గారు చెప్పింది నాకు జరిగింది. 52వ ఏట నేర్చుకుని ఆటోమేటిక్ కొన్నాను. మూడో నెలలో మా అపార్ట్‌మెంట్ కిందే, పార్కింగ్‌లో పెడుతుంటే పిల్లి అడ్డం వచ్చింది. బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ నొక్కాను. స్తంభానికి తగిలి బంపర్, లైటు పోయాయి. అక్కడ మనిషి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత మా అబ్బాయి నాతో మడమ ఆనించే పద్ధతి రోజూ చేయించాడు. ఆరేళ్లయింది, మళ్లీ జరగలేదు. ఈ వయసులో మాన్యువల్ అయితే నేను ఎప్పుడో మానేసేదాన్ని, అది కూడా నిజం అమ్మా.

గేర్‌మాస్టర్

సిగ్నల్ దగ్గర ఆటోమేటిక్‌ను ఎన్‌లో పెట్టాలి అక్కా, లేకపోతే గేర్‌బాక్స్ పాడవుతుంది. ఇది మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

చిత్తూరు_మెకానిక్

ఖాయం కాదు తమ్ముడూ. ఏఎంటీలో డిలో ఉండి బ్రేక్ నొక్కితే క్లచ్ విడిపోయే ఉంటుంది, రాపిడి లేదు. నిమిషం పైన ఆగేట్టుంటే ఎన్‌లో పెట్టడం మంచిదే, క్లచ్‌ను లాగి పట్టుకునే భాగాలకు విశ్రాంతి. కానీ ఆగిన ప్రతిసారీ అలా చేస్తే కొత్తవాళ్లు ఎన్‌లో ఉన్నామని మర్చిపోయి యాక్సిలరేటర్ తొక్కుతారు. ఇంజన్ అరుస్తుంటే గాభరాపడి డిలో వేస్తారు. అప్ మీద ఎన్ అసలే వద్దు.

సుధాకర్_వైట్‌ఫీల్డ్

దీని మీద నాకు భిన్నాభిప్రాయం ఉంది. ఎలక్ట్రిక్‌కి ముందు నాది సీవీటీ. ఐదేళ్లు సిగ్నల్‌లో డిలోనే ఉంచాను, ఏమీ కాలేదు. మరి మా తమ్ముడి ఏఎంటీకి సర్వీస్ సెంటర్ వాళ్లు పది సెకన్లు ఆగినా ఎన్ అని చెప్పారు.

చిత్తూరు_మెకానిక్

సీవీటీకి మీరు చేసింది సరైనదే. ఏఎంటీకి పది సెకన్లు అన్నది నేను ఒప్పుకోను. కంపెనీ మాన్యువల్‌లో ఆ మోడల్‌కు ఏం రాశారో చూసి అదే పాటించండి.

శిరీష_మహదేవపుర

నిన్న రెండు టెస్ట్ డ్రైవ్‌లు చేశాను. ఇద్దరినీ సాయంత్రం ఆరు తర్వాతే ఇమ్మని, బేస్‌మెంట్ ర్యాంప్ ఉన్న చోటికి తీసుకెళ్లమని అడిగాను. ఒక షోరూమ్‌లో వద్దన్నారు, మావారు గట్టిగా అడిగితే ఒప్పుకున్నారు.

మొదటిది ఏఎంటీ, హిల్ హోల్డ్ లేని వేరియంట్. ర్యాంప్ మధ్యలో ఆపి బ్రేక్ వదిలాను. దాదాపు అడుగు జారి, తర్వాత పట్టుకుంది. ఆ అడుగులోనే నాకు మంగళవారం గుర్తొచ్చింది. అదే కంపెనీ పై వేరియంట్, హిల్ హోల్డ్ ఉన్నది, అక్కడే ఆపి చూశాను. కదల్లేదు. మనసులో ఒకటి, రెండు అనుకునేలోపు యాక్సిలరేటర్ మీదికి వెళ్లిపోయాను. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ జారలేదు. తర్వాత రింగ్ రోడ్డులో ఇరవై నిమిషాలు. తల ఊగింది. కానీ ఎడమ పక్క స్కూటర్లను మావారు చెప్పకముందే చూశాను.

ఆ వేరియంట్ ఆన్‌రోడ్ మా బడ్జెట్ కంటే 22 వేలు ఎక్కువ. అదే డబ్బుకు నాలుగేళ్ల పాత సీవీటీ ఒకటి కనిపించింది, 41,000 కిలోమీటర్లు తిరిగింది. అన్నా, దాన్ని చూడొచ్చా?

చిత్తూరు_మెకానిక్

చూడొచ్చు, కానీ సర్వీస్ బుక్‌లో సీవీటీ ఆయిల్ ఎప్పుడు మార్చారో రాసి ఉంటేనే. మార్చినట్టు లేకపోతే, ఓనర్ "అది జీవితాంతం మార్చక్కర్లేదు" అంటే, వదిలేయండి. ఇరవై, ముప్పై వేగంలో మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే బండి వణికినా, సన్నగా ఈల లాంటి శబ్దం వచ్చినా వద్దు. కొనేముందు నా దగ్గరికి గానీ, మీకు నమ్మకమున్న మరెవరి దగ్గరికైనా గానీ తీసుకెళ్లి స్కానర్ పెట్టించండి.

గేర్‌మాస్టర్

అక్కా, ఏది కొన్నా మీ పాత మాన్యువల్ అమ్మకండి. ఆదివారాలు అదీ నడపండి.

శిరీష_మహదేవపుర

అమ్మడం లేదు. ఆదివారం పొద్దున అదే ర్యాంప్ మీద హ్యాండ్‌బ్రేక్ పద్ధతి చేసి చూస్తాను, మా బావగారు కూడా వస్తానన్నారు. పాత సీవీటీ ఓనర్ సర్వీస్ బుక్ ఫొటోలు శనివారం పంపిస్తానన్నారు. వచ్చాక ఇక్కడ పెడతాను.

పద్మజ_నేర్పరి

ఏది తీసుకున్నా మొదటి వారం మైదానం మర్చిపోకు. చెప్పులు మీ ఇంటివే తెచ్చుకో, ఒక పాత జత చాలు.